కూలరు బాగుచేస్తాం, తిట్లు మాత్రం పడం

మొన్న మే నెలలో ఒక రాత్రి పది దాటాక నా పాత విద్యార్థిని మా ఇంటి తలుపు తట్టింది. మా పల్లెలో డిగ్రీ దాకా చదివిన ఆడపిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఆమె ఒకతి. మండల కేంద్రంలో ఫ్యాన్లు, కూలర్లు, మిక్సీలు అమ్మే షాపులో కౌంటర్ మీద పనిచేస్తోంది. షాపు ఫోనుకొచ్చే వాట్సాప్ మెసేజ్‌లకు జవాబు రాసేది కూడా ఆమే. ఆ ఫోను నా చేతికిచ్చి, "టీచర్, ఇది చదవండి. చదివాక నేనేం రాయాలో మీరే చెప్పండి" అంది.

చదివాను. రాత్రి 9.40కి వచ్చింది. పంపినాయన పక్కూరి మోతుబరి రైతు. ఏప్రిల్లో ఆ షాపులో కూలర్ కొన్నాడు. మే మొదటి వారంలో మోటారు కాలిపోయింది. కంపెనీ మెకానిక్ మూడు రోజుల్లో వస్తాడని షాపులో చెప్పారు. అతను ఆరో రోజు వచ్చాడు, వచ్చినవాడు వేరే సైజు మోటారు తెచ్చాడు. అప్పటికి మొత్తం తొమ్మిది రోజులైంది. ఇంట్లో పురిటి బిడ్డ ఉంది. బయట ఎండ రోళ్లు పగలగొడుతోంది. మెసేజ్‌లో మొదటి రెండు లైన్లు ఆ సంగతే. ఇక తర్వాతి ఆరు లైన్లలో కూలరు లేదు. ఆమె కులం ఉంది, ఆమె పల్లె ఉంది, ఆ పల్లెవాళ్లని కౌంటర్లో కూర్చోబెట్టిన షావుకారు మీద ఎగతాళి ఉంది, చివర్న ఆమె ఒంటి మీద ఒక బూతుమాట ఉంది. ఆ మాటలు ఇక్కడ మళ్లీ రాయను. మనవాళ్లకు అవి కొత్తా?

అప్పటికే ఆమె షావుకారుకి ఫోన్ చేసింది. ఆయన చెప్పింది ఇది: "క్షమించండయ్యా, తప్పయింది, ఇంకెప్పుడూ జరగదు అని పెట్టు. కొనేవాడితో గొడవెందుకు?" తమ్ముడు చెప్పింది ఇంకొకటి: "నలుగుర్ని తీసుకుని రేపు పొద్దున వాడి ఇంటికే పోదాం." ఆమె తనంతట తాను రాసి, పంపకుండా ఆపుకున్నది మూడోది: "మీ ఇంట్లో ఆడోళ్లు లేరా? మీరు మనుషులేనా?"

ఈ మూడింటిలో ఏదీ పనికిరాదని నా అభిప్రాయం. ఎందుకు పనికిరాదో, దాని బదులు మేం ఏం రాశామో చెప్పటానికే ఇది రాస్తున్నాను. మన పిల్లలు ఇప్పుడు పొలాల్లోనే లేరు. షాపుల్లో, ఆసుపత్రి కౌంటర్లలో, గ్యాస్ ఏజెన్సీల్లో, కొరియర్ ఆఫీసుల్లో ఉన్నారు. ఒకప్పుడు కామందు తిట్టాలంటే ఎదురుపడాల్సి వచ్చేది. ఇప్పుడు మంచం మీద పడుకుని బొటనవేలితో తిడుతున్నాడు.

మొదట షావుకారు చెప్పిన క్షమాపణ సంగతి చూద్దాం. అందులో తప్పు ఎవరిది? కంపెనీ మోటారు పంపలేదు, మెకానిక్ తప్పు సైజు తెచ్చాడు. ఆమె చేసిందల్లా ఫిర్యాదు రాసుకోవటం, ఫిర్యాదు నంబరు ఇవ్వటం, రెండుసార్లు కంపెనీకి ఫోన్ చేయటం. "తప్పయింది" అని ఆమె చేత రాయిస్తే ఆలస్యానికి క్షమాపణా, తిట్టించుకున్నందుకు క్షమాపణా అన్నది ఎవరికీ తెలియదు. తిట్టినవాడు మాత్రం రెండోదే అనుకుంటాడు. రేపు ఆమె ఫిర్యాదు చేయాలనుకుంటే, "ఆమే తప్పు ఒప్పుకుంది, చూడండి" అని ఆ మెసేజే చూపిస్తాడు.

ఆమె రాసుకున్నదాంట్లో కోపం న్యాయమైనదే. కానీ అందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. ప్రశ్న అడిగితే జవాబు రమ్మని పిలిచినట్టే. అర్ధరాత్రి దాకా ఇద్దరూ రాసుకుంటూ పోతే తెల్లారేసరికి అది 'ఇద్దరి మధ్య గొడవ' అయిపోతుంది. పంచాయితీలో పెద్దమనుషులు చెప్పేది మనకు తెలుసు కదా: "ఇద్దరూ అన్నారు, ఇద్దరూ సర్దుకోండి." తమ్ముడి దారిలో పోతే మెసేజ్ కేసు పక్కకు పోయి కొట్లాట కేసు ముందుకొస్తుంది. అందులో ముద్దాయి మన పిల్లవాడే అవుతాడు.

మరి ఏం చేశాం?

ఆ రాత్రి ఏ జవాబూ పంపలేదు. ముందు మెసేజ్‌ని భద్రం చేశాం. వాట్సాప్‌లో పంపినవాడు తన మెసేజ్‌ని రెండు రోజుల పైచిలుకు దాకా ఇద్దరి ఫోన్లలోంచీ చెరిపేసుకోవచ్చు. పంపిన పావుగంట లోపల మార్చి రాసుకోవచ్చు కూడా. అందుకే మెసేజ్ మొత్తం కనపడేలా, తేదీ, టైము పడేలా స్క్రీన్‌షాట్ తీశాం. మనం సేవ్ చేసుకున్న పేరు ఒక్కటే కనపడితే చాలదు, అతని నంబరు కనపడే పేజీని కూడా విడిగా తీశాం. ఆ బొమ్మల్ని ఇంకో ఫోనుకు పంపి ఉంచాం. అసలు మెసేజ్‌ని మాత్రం ఫోనులోంచి చెరపొద్దని చెప్పాను. స్టేషన్లోగానీ కోర్టులోగానీ మొదట అడిగేది మెసేజ్ వచ్చిన ఫోనునే. బ్లాక్ చేయటం ఎప్పుడైనా చేయొచ్చు, భద్రం చేయకముందు మాత్రం వద్దు.

అప్పుడు నాకు తట్టిన ఇంకో ప్రశ్న: రాత్రి పదింటికి షాపు ఫోను ఈమె చేతిలో ఎందుకుంది? ఆమె డ్యూటీ రాత్రి ఎనిమిదికే అయిపోతుంది. జీతం ఎనిమిది దాకా, తిట్లు పదింటి దాకానా? ఫోను ఇంటికి పంపటం మానాలని మర్నాడు షావుకారుతో మాట్లాడిన మొదటి మాట అదే.

పొద్దున్నే ఇద్దరం షాపుకెళ్లాం. షావుకారు చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. "టీచరమ్మా, మా పిల్ల చిన్నది, వదిలెయ్యండని నేను ఆయనతో నెమ్మదిగా చెప్పుకుంటాలే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. "మా పిల్ల, వదిలెయ్యండి" అంటే తప్పు చేసిన పిల్లని కాపాడుకుంటున్నట్టు ఉంటుంది. ఆమె అక్కడ పిల్ల కాదు, షాపు సిబ్బంది. తిట్టు ఆమెకు తగిలినా, వచ్చింది షాపు ఫోనుకు, షాపు పని మీద. కాబట్టి జవాబు షాపుది. కింద పేరు షావుకారుది ఉండాలి, ఆమె పేరు ఎక్కడా ఉండకూడదు.

ఆయన కొంచెం నసిగాడు. 2013లో వచ్చిన చట్టం ఒకటుందని, పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని ఆపటానికి చేసిన చట్టమని చెప్పాను. దాని 19వ సెక్షన్ ప్రకారం పని ఇచ్చినవాడు సిబ్బందికి రక్షణ ఇవ్వాల్సింది తోటి ఉద్యోగుల నుంచి మాత్రమే కాదు, పని మీద అక్కడికొచ్చే బయటివాళ్ల నుంచి కూడా. "నా దగ్గర పనిచేసేది నలుగురే" అన్నాడు. పదిమంది ఉంటే షాపులోనే కమిటీ వేయాలి, అంతకన్నా తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి పోవచ్చు. కానీ రక్షణ బాధ్యత నలుగురున్నా తప్పదు. ఈ మాటతో ఆయన కాగితం, పెన్ను తీశాడు.

చివరకు పంపింది ఇది:

"... గారికి. మీ కూలర్ మోటారు ఈ శుక్రవారం సాయంత్రం లోపల మార్పిస్తాం. ఇప్పటికి తొమ్మిది రోజులు ఆలస్యమైంది, దానికి షాపు తరఫున బాధ్యత నాది. నిన్న రాత్రి 9.40కి మీరు మా సిబ్బందిని కులం పేరుతోనూ, ఆడమనిషి అన్న పేరుతోనూ అవమానిస్తూ మెసేజ్ పంపారు. అలాంటి మాటలు మా సిబ్బందితో మాట్లాడటానికి వీల్లేదు. మెసేజ్ మా దగ్గర భద్రంగా ఉంది. ఇక నుంచి మీ కూలర్ విషయం నాతోనే మాట్లాడండి, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపల, ఈ నంబరుకే. మళ్లీ అలాంటి మెసేజ్ వస్తే ఫోన్లో మాట్లాడటం ఆపేసి, రిపేరు కబురు కాగితం మీద రాసి పంపుతాం. – షాపు యజమాని."

ఇందులో ప్రతి మాటకూ ఒక లెక్క ఉంది. ఒక్కొక్కటే చెబుతాను.

మొదట కూలరు. అతను తిట్టినంత మాత్రాన అతని కూలరు బాగైపోలేదు. పురిటి బిడ్డకు ఉక్కపోత నిజం. ఆ పని ఎప్పటికి అవుతుందో తేదీతో సహా ముందు చెప్పేస్తే, "నా బాధ పట్టించుకోకుండా నీతులు చెబుతున్నారు" అనే సందు మూసుకుపోతుంది. అయితే శుక్రవారం అని ఊరికే రాయలేదు. రాయకముందు షావుకారు జిల్లా కేంద్రంలో ఉన్న సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి, సరైన సైజు మోటారు వచ్చిందని, గురువారం బయలుదేరుతుందని తేల్చుకున్నాడు. తేదీ తప్పితే మిగతా జవాబంతా గాలికి పోతుంది.

తర్వాత తిట్టు సంగతి. అందులో ఆ బూతుల్ని మేం మళ్లీ రాయలేదు. ఎప్పుడు, ఎవర్ని, ఏ పేరుతో అవమానించాడో అంతే రాశాం. ఇక్కడ తెలుగులో ఒక వల ఉంది, జాగ్రత్తగా చూసుకోవాలి. ఆఫీసు కాగితాల్లో "అనుచిత వ్యాఖ్యలు చేయడం జరిగింది" అని రాస్తారు. జరిగింది! ఎవరు చేస్తే జరిగింది? వాన పడ్డట్టు దానంతటదే పడిందా? "మాట జారింది" అనేది కూడా అలాంటిదే. షావుకారు మొదట అలాగే రాయబోయాడు. "మీరు పంపారు" అని మార్పించాం. చేసినవాడు వాక్యంలో ఉండాలి.

ఇంకా ముఖ్యమైనది, మీరా నువ్వా అన్నది. అతను "ఏమే" అని మొదలుపెట్టాడు. తమ్ముడైతే "వాడికి గారు ఎందుకు?" అని ఎగిరాడు. నేనన్నాను: "గారు, మీరు అని కొనేవాళ్లందరికీ ఎలా రాస్తున్నారో ఇతనికీ అలాగే రాయాలి. అతని గొప్ప కోసం కాదు. రేపు ఈ కాగితం ఎస్సై చదివినా, జడ్జి చదివినా, మన వైపు నుంచి ఒక్క చెడ్డ అక్షరం దొరకకూడదు." కానీ 'అయ్యా' మాత్రం కొట్టేశాం. 'దయచేసి' కూడా కొట్టేశాం. తిట్టొద్దని చెప్పటానికి దయ అడుక్కోనక్కర్లేదు. మా నాన్న పాలేరుగా ఉన్న రోజుల్లో 'అయ్యా' లేకుండా ఒక వాక్యం పూర్తయ్యేది కాదు. మర్యాదకూ, వంగి ఉండటానికీ మధ్య గీత తెలుగులో ఎక్కడుందంటే, మీరు అనటానికీ అయ్యా అనటానికీ మధ్యనే ఉంది.

ఇక చివర పెట్టిన హద్దు. తమ్ముడేమో "రిపేరు చేయం అని రాయండి" అన్నాడు. అది చేయకూడదు. వారంటీలో ఉన్న వస్తువును బాగుచేయించుకోవటం డబ్బిచ్చి కొన్నవాడి హక్కు. దాన్ని ఆపితే వినియోగదారుల కమిషన్‌కు అతనే పోతాడు, నేరం మన వైపు తిరుగుతుంది. మనం హద్దు పెట్టాల్సింది అతని హక్కు మీద కాదు, అతను మాట్లాడే దారి మీద. ఇకపై ఎవరితో, ఏ టైములో, ఏ నంబరుకు అన్నది మన చేతిలో ఉంది. "కేసు పెడతాం" అని కూడా రాయలేదు. పెట్టాలో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు, చేస్తామో లేదో తెలియనిది రాస్తే అది ఉత్త బెదిరింపు. మెసేజ్ భద్రంగా ఉందన్నది జరిగిన సంగతి. అది చాలు.

ఇంకొక మాట. షావుకారు ఆఖర్న "ఇంతటితో ఈ విషయం ముగిసిందని భావిస్తున్నాం" అని చేర్చాలన్నాడు. మేం ఒప్పుకోలేదు. విషయం ముగిసిందో లేదో చెప్పాల్సింది తిట్టు పడ్డ మనిషి, షాపు కాదు.

పంపిన గంటకే అతను జవాబిచ్చాడు. "ఆ పిల్లని వెనకేసుకొస్తున్నావా? ఇక మీ షాపు గడప తొక్కను" అన్నాడు. ఇక్కడే చాలామంది జారిపోతారు. అతను కొత్త మాట అనగానే కొత్త జవాబు రాయాలనిపిస్తుంది, సంజాయిషీ చెప్పాలనిపిస్తుంది. షావుకారు చేతులు వణికాయి. ఒక్క వాక్యమే పంపించాం: "పొద్దున పంపినదే మా జవాబు, మోటారు శుక్రవారం వస్తుంది." ఆ తర్వాత అతను రాసిన దేనికీ జవాబు లేదు. వచ్చినవన్నీ భద్రం చేయటం మాత్రం ఆపలేదు. శుక్రవారం మధ్యాహ్నం మోటారు వచ్చింది, మెకానిక్ వెళ్లి బిగించాడు, కూలరు తిరిగింది. అతను క్షమాపణ చెప్పలేదు. చెబుతాడని మేమూ అనుకోలేదు. మళ్లీ ఆమెకు మాత్రం రాయలేదు.

ఉద్యమంలో ఉన్న కుర్రాళ్లు కొందరు నన్ను నిలదీశారు. "ఇన్నేళ్లు తిరగబడమని చెప్పి, ఇప్పుడు మీరు, గారు అంటూ ఉత్తరాలు రాయిస్తారా టీచర్?" అని. నా జవాబు ఇది. ఆ ఉత్తరం న్యాయం కాదు, న్యాయం అని నేనెప్పుడూ అనలేదు. అది ఆ పిల్ల ఉద్యోగం పోకుండా, ఆమె మళ్లీ తిట్లు చదవకుండా, రేపు ఫిర్యాదు చేయాలంటే దారి మూసుకుపోకుండా కట్టిన కంచె. నెమ్మదిగా రాసిన జవాబు ఏ హక్కునూ వదులుకోదు.

ఆ హక్కులేమిటో ఆమెకు విడమర్చి చెప్పాను. ఆడమనిషి గౌరవాన్ని మాటలతో కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా శిక్ష. పంపినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఇక్కడ మనవాళ్లు పొరపడే చోటొకటి ఉంది. కులం పేరుతో తిట్టటం మీద ఉన్న సెక్షన్లకు ఆ తిట్టు నలుగురి ఎదుట పడి ఉండాలి. నాలుగు గోడల మధ్య, వినేవాళ్లెవరూ లేనిచోట అన్నమాటకు ఆ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఒకే ఒక్క ఫోనుకు వచ్చిన మెసేజ్ మీద అవతలి లాయరు ఎత్తేది ఆ వాదనే. అందుకని మనమే ఆ మెసేజ్‌ని ఊరి గ్రూపులో పెడితే నలుగురిలో పడినట్టు అవుతుందనుకోవద్దు. పెట్టింది మనం అవుతాం, ఆ పిల్ల పరువు పదిళ్లకు పోతుంది. అయితే ఎస్సీ స్త్రీ అని తెలిసి లైంగికమైన మాటలు అంటే, దానికి 2016 నుంచి అమల్లో ఉన్న వేరే ఉపసెక్షన్ ఉంది. 3(1)(డబ్ల్యూ) అంటారు. అందులో నలుగురి ఎదుట అన్న షరతు లేదు. మెసేజ్‌లో ఆ చివరి బూతుమాట ఉంది చూశారా, దాని బరువు అక్కడుంది. స్టేషన్‌కు పోతే ఫిర్యాదులో కులం తిట్టు ఒక్కటే రాసి ఊరుకోకుండా, దీన్ని కూడా విడిగా రాయాలి. స్టేషన్లో తీసుకోకపోతే అట్రాసిటీల మీద 14566 నంబరు ఉంది.

మెసేజ్‌లో "దారిలో చూసుకుంటా", "ఇంటికొస్తా" లాంటి మాట ఉంటే మాత్రం ఈ ఉత్తరం పద్ధతి పనికిరాదు. అప్పుడు జవాబు రాయొద్దు, నేరుగా స్టేషన్. ఆ పిల్లని షాపు నుంచి ఒంటరిగా పంపొద్దు. రాసిన హద్దులు మాట తూలినవాడికే, చెయ్యెత్తబోయేవాడికి కాదు.

ఇప్పుడు ఆ షాపులో మూడు మార్పులు వచ్చాయి. ఫోను రాత్రి ఎనిమిదికి కౌంటర్ సొరుగులో పడుతుంది. తిట్టుతో వచ్చిన మెసేజ్‌ని ఎవరు చూసినా జవాబివ్వకుండా షావుకారుకు ఇస్తారు. ఆ ఉత్తరం నకలు పేర్లు తీసేసి సొరుగులోనే పెట్టుకున్నారు. ఫ్యాన్లు బిగించే కుర్రాడికి మొన్నొక తిట్టు వస్తే అదే తీసి, తేదీ మార్చి, సంగతి మార్చి పంపారట.

కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇంకా ఆలోచిస్తోంది. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, పంపిన జవాబు, తేదీల చీటీ ఒక ఫైల్లో పెట్టుకుంది. ఆ ఫైలు మా ఇంట్లో, మా నాన్న ట్రంకుపెట్టెలో ఉంది. ఆమె ఎప్పుడు అడిగితే అప్పుడు తీసిస్తాను, వెంట నడుస్తాను.